అన్నకు వినపడట్లేదా, బటన్ ఒత్తట్లేదా? ఒక వినికిడి పరీక్ష, సిగ్నల్ డిటెక్షన్ థియరీ

ఈ కేసులో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్లుగా మిషన్ ఆపరేటర్. వయసు యాభై దాటింది. తమ్ముడు దేవరకొండ వైపు సొంతూళ్లోనే ఉండి వేరుశనగ, పత్తి వేస్తాడు. అన్నకు చెవుడు వస్తోందని ఇంట్లోవాళ్లు నల్గొండలోని మా క్లినిక్‌కు తీసుకొచ్చారు. వెంట వచ్చిన తమ్ముడు నాకూ ఒకసారి చూడండి అంటే ఆయనకూ పరీక్ష చేశాను. నేను ఆడియాలజిస్టును. సైకాలజీ పీజీ చదివే పిల్లలు ప్రాక్టికల్స్ కోసం నా దగ్గరికి వస్తుంటారు. పర్సెప్షన్ పేపర్లో సిగ్నల్ డిటెక్షన్ థియరీ రాగానే సూత్రం బట్టీపడతారు గానీ ఆ సూత్రం దేన్ని విడదీస్తుందో చెప్పలేకపోతారు. వాళ్లకు నేను చూపించేది ఈ కేసునే. పేర్లు రాయడం లేదు.

మొదట చేసింది మామూలు ఆడియోమెట్రీ. హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి కూతలాంటి శబ్దం ఒక్కో ఫ్రీక్వెన్సీలో వినిపిస్తాం. వినపడితే బటన్ ఒత్తాలి. ఒత్తితే శబ్దం 10 డెసిబెల్స్ తగ్గిస్తాం, ఒత్తకపోతే 5 పెంచుతాం. అలా కిందికీ పైకీ పోతూ, పెంచుకుంటూ వచ్చినప్పుడు సగం సార్లయినా బటన్ పడే అతి తక్కువ స్థాయిని థ్రెషోల్డ్ అని రాసుకుంటాం. అన్నకు కుడి చెవిలో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర 45, 40, 45 వచ్చాయి. సగటు 43. తమ్ముడికి 25, 25, 30. సగటు 27. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే అన్న చెవి బాగా దెబ్బతిన్నదని, తమ్ముడిది దాదాపు బాగున్నట్టేనని ఎవరైనా అంటారు.

కానీ ఒకటి పొసగలేదు. మాటల పరీక్షలో, అంటే రెండక్షరాల మాటలు మెల్లగా వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలో, అన్న 32 డెసిబెల్స్ దగ్గరే సగం మాటలు సరిగ్గా చెప్పాడు. శబ్దాల సగటుకూ మాటల థ్రెషోల్డ్‌కూ మధ్య తేడా 10 డెసిబెల్స్ లోపు ఉండాలి. ఇక్కడ 11 ఉంది. ఇంత తేడా కనిపిస్తే చెవిని అనుమానించే ముందు పరీక్షను అనుమానించాలి. కొందరు నష్టపరిహారం కోసం వినపడనట్టు నటిస్తారు. ఈయనకు ఆ అవసరమేమీ లేదు. అడిగితే ఆయనే చెప్పాడు.

“వచ్చినట్టే అనిపిస్తది సార్. కానీ పక్కాగా తెల్వకుంటె ఎట్ల ఒత్తాలె? ఒత్తినంక అది కాకపోతే?”

తమ్ముడిని అడిగితే దీనికి పూర్తిగా తిరగబడ్డ జవాబు వచ్చింది.

“జర గుయ్యిమన్నట్టు అయితె ఒత్తేసిన సార్.”

ఈ రెండు జవాబుల్లోనే సిద్ధాంతమంతా ఉంది. చెవి ఎంత పట్టుకుంటోంది అనేది ఒక విషయం. పట్టుకున్నదాన్ని ‘ఉంది’ అని ఒప్పుకోవడానికి మనిషి ఎంత రుజువు అడుగుతాడు అనేది ఇంకో విషయం. బటన్ పడిందా లేదా అన్నదాంట్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. థ్రెషోల్డ్ అనే ఒక్క అంకె వాటిని విడదీయలేదు. విడదీయాలంటే శబ్దం లేనప్పుడు కూడా అడగాలి.

అందుకే ఇద్దరికీ ఇంకో పరీక్ష పెట్టాను. కుడి చెవి, 1000 హెర్ట్జ్, ఇద్దరికీ ఒకే స్థాయి, 35 డెసిబెల్స్. ముందున్న చిన్న లైటు వెలిగిన ప్రతిసారీ ఉందో లేదో చెప్పాలి, ఊరుకోవడం కుదరదు. లైటు 100 సార్లు వెలుగుతుంది. అందులో 50 సార్లు శబ్దం ఉంటుంది, 50 సార్లు ఏమీ ఉండదు. ఏది ఎప్పుడు వస్తుందో వరస లేకుండా కలిపేస్తాం. సగం సార్లు ఖాళీ అని ముందే ఇద్దరికీ చెప్పాను. అది చెప్పకపోతే ఒక్కొక్కరు ఒక్కో ఊహతో కూర్చుంటారు, ఆ ఊహ కూడా లెక్కలోకి దూరుతుంది.

శబ్దం ఉన్నప్పుడు ఉందంటే హిట్, లేదంటే మిస్. శబ్దం లేనప్పుడు ఉందంటే ఫాల్స్ అలారం, లేదంటే కరెక్ట్ రిజెక్షన్. వచ్చిన లెక్క ఇది:

| | హిట్ | మిస్ | ఫాల్స్ అలారం | కరెక్ట్ రిజెక్షన్ |
|---|---|---|---|---|
| అన్న | 31 | 19 | 1 | 49 |
| తమ్ముడు | 46 | 4 | 17 | 33 |

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. హిట్ రేటు అంటే హిట్లను మొత్తం 100తో భాగించడం కాదు. శబ్దం ఉన్న 50 సార్లతోనే భాగించాలి. ఫాల్స్ అలారం రేటుకు శబ్దం లేని 50 సార్లే ఆధారం. అన్నకు హిట్ రేటు 31/50, అంటే 0.62. ఫాల్స్ అలారం రేటు 1/50, అంటే 0.02. తమ్ముడికి 0.92, 0.34. హిట్ తెలిస్తే మిస్ తెలిసినట్టే, రెండూ కలిపి 50. ఫాల్స్ అలారానికీ కరెక్ట్ రిజెక్షన్‌కీ అంతే. పేర్లు నాలుగున్నా స్వతంత్రంగా మారే అంకెలు రెండే. హిట్ రేటు ఒక్కటే ఇచ్చి ఎవరు బాగా వింటున్నారో చెప్పమంటే, చెప్పలేమనడమే సరైన జవాబు. ఎప్పుడూ ‘ఉంది’ అనేవాడికి హిట్ రేటు 1 వస్తుంది, వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకోకపోయినా సరే.

మొత్తం సరైన జవాబులు లెక్కేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. వేసి చూడండి. అన్నవి 31, 49 కలిపి 80. తమ్ముడివి 46, 33 కలిపి 79. ఇద్దరూ సమానం అన్నట్టుంది. కానీ అన్న తప్పులు దాదాపు అన్నీ మిస్సులు, తమ్ముడి తప్పులు చాలావరకు ఫాల్స్ అలారాలు. ఆ తేడాను 80, 79 అనే అంకెలు మింగేశాయి.

ఇప్పుడు సిద్ధాంతం ఊహించే బొమ్మలోకి వెళ్దాం. బయట శబ్దం లేనంత మాత్రాన లోపల నిశ్శబ్దం ఉండదు. ఊపిరి, నాడి కొట్టుకోవడం, చెవిలో హోరు, నరాల్లో దానంతట అది జరిగే చప్పుడు, ఇవన్నీ కలిసి ప్రతి క్షణం లోపల ఎంతో కొంత కదలిక ఉంటుంది. దీన్నే నాయిస్ అంటారు. అది ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. గంట ఆకారపు నార్మల్ కర్వ్‌గా దాన్ని గీస్తాం. సగటు 0, స్టాండర్డ్ డీవియేషన్ 1 అనుకుందాం. శబ్దం వస్తే ఆ కర్వ్ మొత్తం కుడికి జరుగుతుంది. ఎంత జరిగిందో అదే డీ ప్రైమ్, చెవి సామర్థ్యానికి కొలత. రెండు కర్వ్‌లూ కొంత మేర ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి మనిషి ఎక్కడో ఒక గీత గీసుకోక తప్పదు. లోపలి కదలిక ఆ గీత దాటితే ‘ఉంది’, దాటకపోతే ‘లేదు’. ఆ గీతే క్రైటీరియన్.

అన్న ఎక్కడ గీత గీశాడో ఫాల్స్ అలారం రేటు చెబుతుంది. నాయిస్ కర్వ్‌లో గీతకు కుడివైపు మిగిలింది 2 శాతమే. నార్మల్ టేబుల్ తీసి చూస్తే, పైన 2 శాతం మిగలాలంటే గీత 2.05 దగ్గర ఉండాలి. శబ్దం ఉన్న కర్వ్‌లో అదే గీతకు కుడివైపు 62 శాతం ఉంది. సగానికంటే ఎక్కువ కాబట్టి ఆ కర్వ్ మధ్యభాగం గీత దాటి ఇంకా 0.31 దూరంలో ఉంది. 2.05కు 0.31 కలిపితే 2.36. అదే అన్న డీ ప్రైమ్. తమ్ముడి గీత 0.41 దగ్గర ఉంది, ఎందుకంటే పైన 34 శాతం మిగిలింది. హిట్లు 92 శాతం కాబట్టి శబ్దపు కర్వ్ మధ్యభాగం ఆ గీత నుంచి 1.41 దూరం. రెండూ కలిపితే 1.82. టేబుల్ చేతిలో లేకపోతే ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=NORM.S.INV(0.62)-NORM.S.INV(0.02)
=-0.5*(NORM.S.INV(0.62)+NORM.S.INV(0.02))
```

మొదటి వరస `d′ = z(H) − z(FA)`. ఇందులో `H` హిట్ రేటు, `FA` ఫాల్స్ అలారం రేటు, `z` అంటే నార్మల్ కర్వ్‌లో ఎడమవైపు అంత భాగం ఉండే చోటు. రెండోది `c = −½[z(H) + z(FA)]`. ఈ `c` ఏమిటో బొమ్మలోనే కనిపిస్తుంది. రెండు కర్వ్‌ల మధ్యబిందువు నుంచి గీత ఎంత దూరంలో ఉందో అదే. అన్నకు రెండు కర్వ్‌ల మధ్యబిందువు 2.36లో సగం, 1.18. గీత 2.05 దగ్గర ఉంది. తేడా +0.87. కుడివైపుకు జరిగిన గీత, అంటే గట్టి రుజువు అడిగే మనిషి. తమ్ముడికి మధ్యబిందువు 0.91, గీత 0.41, తేడా −0.50. అనుమానం వచ్చినా చాలు ఒప్పుకునే మనిషి. గుర్తు తారుమారు కాకుండా ఉండాలంటే సూత్రం కంటే ఈ బొమ్మనే గుర్తుపెట్టుకోండి. `c` ధనాత్మకమైతే ‘లేదు’ వైపు మొగ్గు, రుణాత్మకమైతే ‘ఉంది’ వైపు మొగ్గు. శబ్దం సగం సార్లే వస్తూ, రెండు రకాల తప్పులకూ నష్టం సమానమైనప్పుడు అత్యధికంగా సరైన జవాబులు ఇచ్చే చోటు 0.

అయితే అన్న చెవి తమ్ముడి చెవికంటే మెరుగని రాయొచ్చా? 2.36, 1.82 చూసి చాలామంది విద్యార్థులు వెంటనే రాసేస్తారు. రాయకూడదు. అన్న ఫాల్స్ అలారం ఒక్కటే. ఆ ఒక్క ఒత్తు ఎంత బరువు మోస్తోందో చూడండి. ఒకటికి బదులు రెండు పడి ఉంటే రేటు 0.04 అయ్యేది, డీ ప్రైమ్ 2.06కు దిగేది. ఒక్కటీ పడకపోతే రేటు సున్నా, దానికి `z` విలువే లేదు. అప్పుడు సున్నాకు బదులు అర ఒత్తు, అంటే 0.5/50 అని సర్దుకుంటాం, డీ ప్రైమ్ 2.63 అయ్యేది. ఒక వేలు అటూ ఇటూ కదిలితే 2.06 నుంచి 2.63 దాకా ఊగే అంకె మీద తీర్పు చెప్పలేం. లెక్కకట్టి చూస్తే ఇద్దరి డీ ప్రైమ్‌ల మధ్య తేడా 0.54, ఆ తేడాలోని స్టాండర్డ్ ఎర్రర్ కూడా సుమారు అంతే. క్రైటీరియన్ల తేడా మాత్రం 1.37, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.27 దగ్గర. అది కాకతాళీయం కాదు. కాబట్టి ఈ టేబుల్ నిజంగా చెబుతున్నది ఇంతే: 1000 హెర్ట్జ్ దగ్గర తమ్ముడు అన్నకంటే బాగా వింటున్నాడనడానికి ఆధారం లేదు, ఇద్దరి గీతలు మాత్రం వేర్వేరు చోట్ల ఉన్నాయి.

గీతలు అక్కడే ఎందుకున్నాయో మాటల్లో కొంత తెలిసింది. మిల్లులో బేరింగ్ మోత తేడాగా అనిపిస్తే మిషన్ ఆపాల్సింది ఆపరేటరే. “ఊకె మిషన్ బంద్ జేస్తె సేటు ఊకుంటడా” అన్నాడు పెద్దాయన. తమ్ముడు వేరుశనగ చేనుకు రాత్రిపూట అడవిపందుల కాపలా కాస్తాడు. “పంది రాంగ పండుకుంటె చేను పోతది సార్. ఊకె లేస్తె ఏం పోతది, లైటు కొట్టి చూసి మల్ల పంటం.” అన్నకు ఫాల్స్ అలారం ఖరీదైనది, తమ్ముడికి మిస్ ఖరీదైనది. వాళ్ల పనే వాళ్ల గీతలను నిర్ణయించిందని నేను నిరూపించలేను, ఇద్దరితో అది తేలే విషయం కాదు. కానీ తప్పుల నష్టాలు మారితే క్రైటీరియన్ మారుతుందన్నది ప్రయోగశాలల్లో పదేపదే చూసిన విషయమే. సిగ్నల్ ఎంత తరచుగా వస్తుందన్నది కూడా దాన్ని అలాగే జరుపుతుంది. రాడార్ తెర మీద మసక చుక్క విమానమా కాదా అని తేల్చే లెక్కల నుంచి ఈ ఆలోచన పుట్టి, 1954లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో విల్సన్ టానర్, జాన్ స్వెట్స్ చేతుల్లో మనిషి చూపుకు అన్వయమైంది. 1966లో డేవిడ్ గ్రీన్, స్వెట్స్ రాసిన పుస్తకంతో సైకాలజీలో స్థిరపడింది.

గీత జరిగినా చెవి మారదన్న మాటను అన్న మీదే పరీక్షించాలనుకున్నాను. కాసేపు కూర్చోబెట్టి, టీ తాగాక మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టాను. అదే శబ్దం, అదే 35 డెసిబెల్స్, అదే సగం సగం. మార్చింది ఒక్క మాటే: “ఈసారి అనుమానం ఉన్నా ఒత్తన్నా. తప్పైతే ఏం కాదు. వచ్చినదాన్ని వదిలిపెడితేనే నష్టం.” ఈసారి హిట్లు 44, మిస్సులు 6, ఫాల్స్ అలారాలు 5, కరెక్ట్ రిజెక్షన్లు 45.

హిట్ రేటు 0.62 నుంచి 0.88కి ఎగబాకింది. హిట్లు మాత్రమే చూసేవాళ్లకు టీ తాగేలోగా చెవి బాగైపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఫాల్స్ అలారాలు కూడా 0.02 నుంచి 0.10కి పెరిగాయి. డీ ప్రైమ్ వేస్తే 2.46. మొదట 2.36. పైన చెప్పిన ఊగిసలాట ముందు ఈ 0.10 లెక్కలోకి రాదు. `c` మాత్రం +0.87 నుంచి +0.05కి దిగింది. గీత దాదాపు మధ్యకు వచ్చేసింది, కర్వ్‌లు ఉన్నచోటే ఉన్నాయి. ఫాల్స్ అలారం రేటును అడ్డంగా, హిట్ రేటును నిలువుగా పెట్టి ఈ రెండు ఫలితాలనూ చుక్కలుగా గుర్తిస్తే రెండూ దాదాపు ఒకే వంపు మీద పడతాయి. ఆ వంపే ఆర్‌ఓసీ కర్వ్. ఒకే వంపు మీద జరగడం క్రైటీరియన్ మార్పు. ఎడమ పైమూల వైపు ఇంకో వంపుకు ఎక్కితేనే సామర్థ్యం పెరిగినట్టు.

పాత థ్రెషోల్డ్ సిద్ధాంతం ఎందుకు చాలదని అడిగితే ఈ రెండు చుక్కలతోనే జవాబు రాయొచ్చు. ఆ సిద్ధాంతం ప్రకారం శబ్దం థ్రెషోల్డ్ దాటితే వినపడుతుంది, దాటకపోతే ఏమీ వినపడదు, ఫాల్స్ అలారాలన్నీ ఉత్త ఊహలు. కాబట్టి ఊహలను `(H − FA)/(1 − FA)` అని తీసేస్తే నిజంగా విన్న శాతం మిగలాలి, సూచన ఎలా మార్చినా అది మారకూడదు. అన్నకు మొదటిసారి 0.60ని 0.98తో భాగిస్తే 0.61. రెండోసారి 0.78ని 0.90తో భాగిస్తే 0.87. ఊహలు తీసేశాక కూడా ఇంత పెరిగింది. ఏమీ వినపడని చోట ఆయన గుడ్డిగా ఊహించి ఉంటే ఇలా పెరగదు. అంటే ‘పక్కాగా తెల్వని’ చోట కూడా ఆయన చెవిలో నిజమైన సమాచారం ఉంది, మొదటిసారి అది గీత దాటలేదని వదిలేశాడు. నాకు ఈ కేసులో అన్నింటికంటే నచ్చే లెక్క ఇదే. డిటెక్షన్ థియరీకీ థ్రెషోల్డ్ థియరీకీ తేడా రాయమంటే నిర్వచనాలు కాకుండా ఇలాంటి రెండు వరసల లెక్క వేసి చూపండి.

ఒక పరిమితి చెప్పాలి. పైన వాడిన డీ ప్రైమ్ సూత్రం రెండు కర్వ్‌ల వెడల్పూ సమానమని ముందే అనుకుంటుంది. అది నిజమో కాదో రెండు చుక్కలతో తేలదు. తేల్చాలంటే ‘ఉంది, లేదు’ అని కాకుండా ‘తప్పకుండా ఉంది’ నుంచి ‘తప్పకుండా లేదు’ దాకా ఆరు మెట్లలో జవాబు అడగాలి. అప్పుడు ఒకే పరీక్షలో ఐదు చుక్కలు వస్తాయి. వాటిని `z` విలువల్లోకి మార్చి గీసినప్పుడు వచ్చే సరళరేఖ వాలు 1 అయితే వెడల్పులు సమానం. కాకపోతే డీ ప్రైమ్ కూడా గీత ఎక్కడుందన్నదాన్ని బట్టి కొంత మారిపోతుంది.

ఇక క్లినిక్‌లో జరిగింది. అదే కొత్త సూచనతో అన్నకు మామూలు ఆడియోమెట్రీ మళ్లీ చేశాను. మధ్యమధ్య ఖాళీ సమయాలు పొడిగిస్తూ, శబ్దం లేనప్పుడు బటన్ పడుతోందా అని చూసుకున్నాను. 500, 1000, 2000 దగ్గర 35, 30, 40 వచ్చాయి. సగటు 35. మాటల థ్రెషోల్డ్ 32తో ఇప్పుడు పొసిగింది. తమ్ముడికి ‘ఉందని నమ్మకం కుదిరితేనే ఒత్తు’ అని చెప్పి చేస్తే 30, 30, 35 వచ్చాయి, సగటు 32. మొదటి కాగితాల్లో 16 డెసిబెల్స్ ఉన్న ఎడం 3కు దిగింది.

ఒక్క చోట మాత్రం సూచన పెద్దగా పనిచేయలేదు. 4000 హెర్ట్జ్ దగ్గర అన్నకు మొదట 65 వచ్చింది, రెండోసారి 60. తమ్ముడికి అక్కడ 35. 8000 దగ్గర అన్న గ్రాఫ్ మళ్లీ పైకి లేచింది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన చెవుల్లో కనిపించే గుంట ఇది, కర్ణావర్తంలోని రోమకణాలు దెబ్బతినడం వల్ల వస్తుంది. గీత ఎంత జరిపినా ఇది పూడదు. ఇది కర్వ్‌లే దగ్గరైపోయిన చోటు. ఇంట్లోవాళ్లు మొదటి నుంచి చెబుతున్నది కూడా దీనికి సరిపోయింది. మాట వినపడుతుంది గానీ నలుగురు మాట్లాడుతుంటే స, ష, త లాంటి అక్షరాలు తేడా తెలియట్లేదని వాళ్ల ఫిర్యాదు.

వినికిడి యంత్రం శబ్దాన్ని ఎంత పెంచాలన్నది థ్రెషోల్డ్‌లను బట్టే పెడతాం. మొదటి కాగితం ప్రకారం పెట్టి ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీలన్నీ అవసరానికి మించి పెరిగేవి, మిల్లు హోరు ఇంకా భరించరానిది అయ్యేది, ఆయన దాన్ని తీసి డబ్బాలో పెట్టేవాడు. రెండో కాగితం ప్రకారం పై ఫ్రీక్వెన్సీలకే ఎక్కువ బలమిచ్చి సెట్ చేశాం. మిల్లులో ఉన్నంతసేపు అది తీసేసి ఇయర్ మఫ్స్ పెట్టుకోవాలన్నాను. మఫ్స్ పెట్టుకుంటే బేరింగ్ మోత తెలియదేమోనని అడిగాడు. మిషన్ మోతా బేరింగ్ మోతా రెండూ కలిసే తగ్గుతాయి కాబట్టి ఒకదానిలోంచి ఇంకొకటి పోల్చుకోవడం మామూలు చెవికి పెద్దగా మారదు. కానీ 4000 దగ్గర నష్టం ఉన్న ఆయనకు కీచుమనే సన్నటి తేడాలు మఫ్స్‌తో ఇంకా కష్టమే. అందుకని బేరింగ్‌ల సంగతి చెవికే వదలకుండా, షిఫ్టులో ఒకసారి మిషన్ ఆగినప్పుడు వేడెక్కాయేమో చూసుకోమని, ఏడాదికోసారి 4000 దగ్గర పరీక్ష చేయించుకోమని రాసిచ్చాను.